భోజనాల బల్ల దగ్గర జర్మన్ మాట

చి. బుజ్జికి పెదనాన్న దీవెనలు.

ష్టుట్‌గార్ట్‌లో సీటు వచ్చిందని మీ నాన్న చెప్పగానే నా స్నేహితుడి కొడుకు గుర్తొచ్చాడు. అతను చదువుకున్నదీ ఆ ఊళ్లోనే. అక్కడ ఒక రాత్రి భోజనంలో జరిగిన సంగతి అతనే నాకు చెప్పాడు. నీకు పనికొస్తుందని పూర్తిగా రాస్తున్నాను.

అతను అద్దెకున్న ఇంటివాళ్లు ఒక శనివారం సాయంత్రం భోజనానికి పిలిచారు. మాంసం తినడని ముందే కనుక్కుని, ఆ ఇంటి పెద్దావిడ కేజెష్పెట్స్‌లె చేసింది. గుడ్లు కలిపిన పిండిని చిన్న చిన్న తునకలుగా మరిగే నీళ్లలోకి వదిలి, తేలగానే తీసి, మధ్యమధ్య జున్ను వేసి, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు చల్లుతారు. ఆ ప్రాంతానికి సొంతమైన వంట. రుచి బాగుంటుంది కానీ కడుపులో గట్టిగా కూర్చుంటుంది. మన కుర్రాడు మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. తాగడానికి మాత్రం ఆపిల్ రసంలో గ్యాసు నీళ్లు కలిపిన ఆప్ఫెల్‌షోర్లె తీసుకున్నాడు. మిగతావాళ్లు వైన్ తాగుతున్నారు.

మూడోసారి పెద్దావిడ గరిటె ఎత్తగానే అతను కడుపు మీద చెయ్యి వేసుకుని, నవ్వుతూ, "ఇష్ బిన్ ఫొల్" అన్నాడు. ఇంగ్లీషులో 'ఐ యామ్ ఫుల్' అంటాం కదా, దాన్నే మాటకు మాట పెట్టాడు. ఆ దేశంలో మనిషిని 'ఫొల్' అంటే బాగా తాగి ఉన్నాడని. ఒక్క క్షణం అందరూ ఆగిపోయారు. ఇంటాయన అతని గ్లాసు తీసుకుని వాసన చూశాడు. పెద్దావిడ తన కొడుకు వైపు తిరిగి, పిల్లాడి గ్లాసులో ఏం పోశావని నిలదీసింది. ఆ కొడుకు ఆపిల్ రసమేనని ప్రమాణం చేస్తుంటే, ఆవిడ వైన్ సీసాను బల్ల అవతలి చివరకు జరిపి, ఒక జగ్గు మంచినీళ్లూ రెండు బ్రెడ్డు ముక్కలూ తెచ్చి పెట్టింది.

తిండి ఇక వద్దంటే బ్రెడ్డు ఎందుకు తెచ్చారో కుర్రాడికి అర్థం కాలేదు. మర్యాద కోసం ఇంకాస్త గట్టిగా, "లేదండీ, నిజంగానే చాలా ఫొల్" అన్నాడు. దాంతో ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేసి, మేడ మీదికి మెట్లెక్కగలవా, తోడు రమ్మంటావా అని అడిగింది. ఇంటివాళ్ల మనవరాలు అతను ఇంకా కడుపు నిమురుకుంటూ ఉండటం చూసి, "జట్ అనబోయి అలా అంటున్నాడు!" అని అరిచింది. కడుపు నిండడానికి వాళ్ల మాట 'జట్'. అందరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారట. ఆ తర్వాత అతను ఆ ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడల్లా పెద్దావిడ ముందు 'జట్' అనిపించి కానీ లేవనిచ్చేది కాదు.

వాళ్లలో వాళ్లు చనువుగా ఉన్నప్పుడు కడుపు నిండినదానికీ 'ఫొల్' అనేవాళ్లు లేకపోలేదు. బల్ల మీద వైన్ ఉండి, కొత్తగా పిలిచిన ఇంట్లో ఉన్నప్పుడు నువ్వు మాత్రం అనకు. "ఇష్ బిన్ జట్" అను, చాలు.

నేను గమనించినది ఒకటి చెప్తాను. మనం తెలుగులో 'నేను నిండాను' అనం కదా, 'కడుపు నిండింది' అంటాం. ఆ తప్పు తెలుగు నుంచి రాలేదు, మధ్యలో ఇంగ్లీషు దూరడం వల్ల వచ్చింది. కొన్నిచోట్ల మన తెలుగే జర్మన్‌కు దగ్గర. 'నాకు చలిగా ఉంది' అనడానికి వాళ్లూ 'నాకు' పెట్టే "మీర్ ఇస్ట్ కాల్ట్" అంటారు. ఉక్కపోస్తే "మీర్ ఇస్ట్ హైస్". దీన్ని 'ఐ యామ్ హాట్' లాగా "ఇష్ బిన్ హైస్" అన్నావో, పెద్దల ముందు అనకూడని అర్థం వస్తుంది. కాబట్టి ఒంటికి చలో ఉక్కో అనిపించినప్పుడు ముందు తెలుగులో అనుకుని, తర్వాత జర్మన్‌లోకి వెళ్లు.

ఇంకొకటి. వడ్డించబోతుంటే ఉత్త "డాంకె" అంటే అక్కడ వద్దని అర్థం చేసుకుంటారు, గిన్నె పక్కకు వెళ్లిపోతుంది. కావాలంటే "యా, గెర్న్" అను. మన ఇళ్లలోలా మొహమాటానికి వద్దంటే రెండోసారి బతిమాలతారని ఎదురుచూడకు, చాలామంది బతిమాలరు. ఆకలిగా ఉంటే మొదటిసారే కావాలని చెప్పి కడుపునిండా తిను తల్లీ.

ఇట్లు,
మీ పెదనాన్న