సున్నా అని చూపించిన డెల్టా

మొన్న సెమిస్టర్ సెలవుల్లో నేను ఒక పేపర్ ట్రేడింగ్ షీట్ పెట్టుకున్నాను. డబ్బు పెట్టలేదు, ఉత్తుత్తి కొనుగోళ్లే. మూడు పొజిషన్లు. డెల్టాలన్నీ కూడితే సరిగ్గా సున్నా వచ్చింది. "మార్కెట్ ఎటు పోయినా నాకేం కాదు" అని రూమ్మేట్‌కి గొప్పగా చూపించాను. మర్నాడు నిఫ్టీ ఒక శాతం పడింది, నా షీట్‌లో దాదాపు ఎనిమిది వేల నష్టం. ఫార్ములాలో తప్పుందేమో అని గంటసేపు వెతికాను. ఫార్ములా కరెక్టే. నేను కూడకూడనివి కూడాను.

డెల్టా అంటే ఏంటో తెలియని వాళ్ల కోసం ఒక్క ముక్క. షేరు ధర ఒక రూపాయి కదిలితే మన పొజిషన్ విలువ ఎన్ని రూపాయలు మారుతుందో అదే డెల్టా. 600 షేర్లు చేతిలో ఉంటే డెల్టా +600. ఒక ఆప్షన్ డెల్టా 0.5 అంటే అది సగం షేరులా ప్రవర్తిస్తుందన్నమాట. పుట్ ఆప్షన్ డెల్టా మైనస్‌లో ఉంటుంది; పుట్‌ని అమ్మితే ఆ మైనస్ తిరగబడి ప్లస్ అవుతుంది.

నా షీట్ ఇదీ. ధరలు లెక్క తేలిగ్గా ఉండటానికి గుండ్రంగా వేస్తున్నాను. వెయ్యి రూపాయల బ్యాంకు షేరు 600 కొన్నాను, డెల్టా +600. 150 రూపాయల స్టీల్ షేరు మీద 2,000 షేర్లకు సరిపడా పుట్లు కొన్నాను, ఒక్కోదాని డెల్టా −0.4, మొత్తం −800. 2,500 రూపాయల సబ్బుల కంపెనీ షేరు మీద 400 షేర్లకు పుట్లు అమ్మాను, ఒక్కోదాని డెల్టా −0.5, అమ్మాను కాబట్టి మొత్తం +200. 600 − 800 + 200 = 0.

రూమ్మేట్ షీట్ చూసి, "ఒరేయ్, నా జేబులో మూడు నోట్లున్నాయి, నీ జేబులోనూ మూడు నోట్లున్నాయి, ఇద్దరి దగ్గరా ఒకే డబ్బు ఉన్నట్టా?" అన్నాడు. వాడిది మెకానికల్, ఆప్షన్ల గురించి ఏమీ తెలీదు. కానీ విషయం అదే. 150 రూపాయల షేరు ఒక రూపాయి కదలడం, 2,500 రూపాయల షేరు ఒక రూపాయి కదలడం ఒకటి కాదు. పైగా ఈ మూడు షేర్లూ మార్కెట్‌తో పాటు ఒకేలా కదలవు. కాబట్టి కూడే ముందు అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చాలి. ఇక్కడ ఆ కొలత నిఫ్టీ.

మార్చడానికి రెండు అడుగులు. డెల్టాని షేరు ధరతో గుణిస్తే రూపాయల్లోకి వస్తుంది. దాన్ని బీటాతో గుణిస్తే "నిఫ్టీ ఒక శాతం కదిలితే ఇది సగటున ఎన్ని శాతం కదులుతుంది" అన్నది లెక్కలోకి వస్తుంది. చివర్లో నిఫ్టీ స్థాయితో భాగిస్తే, మన పొజిషన్ ఎన్ని నిఫ్టీ యూనిట్లకు సమానమో తెలుస్తుంది.

```
bw_delta = delta * price * beta / nifty
```

నిఫ్టీ 25,000 అనుకుందాం. బ్యాంకు బీటా 1.2: 600 × 1,000 × 1.2 = 7,20,000, అంటే +28.8 యూనిట్లు. స్టీల్ బీటా 1.5: 800 × 150 × 1.5 = 1,80,000, అంటే −7.2. సబ్బుల కంపెనీ బీటా 0.5: 200 × 2,500 × 0.5 = 2,50,000, అంటే +10. మొత్తం +31.6. నేను సున్నా అనుకున్న షీట్ నిజానికి 7,90,000 రూపాయల నిఫ్టీని కొని పెట్టుకున్నట్టు ఉంది! ఒక శాతం పడితే, అంటే 250 పాయింట్లు, 31.6 × 250 = 7,900 రూపాయలు. నా నష్టం ఎక్కడి నుంచి వచ్చిందో దొరికింది. అంకెల్లో అన్నిటికంటే పెద్దగా కనిపించిన −800 నిజానికి అన్నిటికంటే చిన్న పొజిషన్, నన్ను మోసం చేసింది అదే.

ఇక బీటా ఎక్కడి నుంచి వస్తుంది? షేరు రోజువారీ రాబడినీ నిఫ్టీ రోజువారీ రాబడినీ పక్కపక్కన పెట్టి, వాటి మధ్య గీసిన గీత వాలే బీటా. కోడ్ రెండు లైన్లే:

```
c = np.cov(stock_ret, nifty_ret)
beta = c[0, 1] / c[1, 1]
```

`ret` అంటే శాతం మార్పు, ధర కాదు. నేను మొదటిసారి నేరుగా ధరల కాలమ్ ఇచ్చేశాను. ఏదో ఒక నంబరు వస్తుంది, ఎర్రర్ రాదు, అందుకే పట్టుకోవడం కష్టం. ఇంకో ఉచ్చు బోనస్ షేర్లు. 2024 అక్టోబరులో రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. సరిదిద్దని డేటా తీసుకుంటే, ఆ ఒక్కరోజు షేరు సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు, షేర్లు రెట్టింపయ్యాయి అంతే. కానీ మన బీటా మాత్రం పాడవుతుంది. రోజువారీ మార్పుల్లో −40, −50 శాతం లాంటివి ఉన్నాయేమో ఒకసారి చూసుకుంటే చాలు, ఇది దొరికిపోతుంది.

నిజంగానే జరిగిన పెద్ద రోజు కూడా చిక్కే. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజులో దాదాపు 13 శాతం పడింది. ఆ రోజు కలిసిన ఏడాదితో బీటా కడితే, గీతని ఆ ఒక్క చుక్క తన వైపు లాగేసుకుంటుంది. అది ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్కించి, రెండు బీటాలు ఎంత దూరంగా ఉన్నాయో చూడటం నాకు నచ్చిన పద్ధతి. దూరంగా ఉంటే ఆ బీటాని రెండో దశాంశం దాకా నమ్మడం దండగ. +31.6 ని నేను ఇప్పుడు "ముప్పై చిల్లర" అనే చదువుతాను.

సరే, ఈ ముప్పై చిల్లరని తగ్గించాలంటే? నిఫ్టీ ఫ్యూచర్ అమ్మొచ్చు. కానీ లాట్ 75 అనుకుంటే (ఇది ఎన్‌ఎస్‌ఈ మారుస్తూ ఉంటుంది), ఒక్క లాట్ అమ్మగానే 31.6 − 75 = −43.4. పడితే నష్టం అన్నది పోయి, పెరిగితే ఇంకా ఎక్కువ నష్టం అయింది. దానికి బదులు −0.4 డెల్టా ఉన్న నిఫ్టీ పుట్ ఒక లాట్ కొంటే −30, మిగిలేది +1.6. బాగుంది కదా? ఈ రోజుకి బాగుంది. దానికి కట్టిన ప్రీమియం రోజులు గడిచేకొద్దీ కరిగిపోతూ ఉంటుంది. పైగా మార్కెట్ పడి ఆ పుట్ డెల్టా −0.6 అయితే, అదే లాట్ −45 అవుతుంది. మిగతా ఆప్షన్ల డెల్టాలు కూడా అప్పటికి మారిపోయి ఉంటాయి. అందుకే ఈ లెక్క ఒక ఫొటో లాంటిది. మార్కెట్ బాగా కదిలాక మళ్లీ తీసుకోవాల్సిందే.

అన్నిటికంటే నేను ఆలస్యంగా గ్రహించింది ఇది: బీటా చెప్పేది మార్కెట్‌తో పాటు వచ్చే కదలిక గురించి మాత్రమే. సబ్బుల కంపెనీ ఫలితాలు బాగోక షేరు 5 శాతం, అంటే 125 రూపాయలు పడిందనుకోండి, నిఫ్టీ మాత్రం ఉన్నచోటే ఉంది. బీటా లెక్క ప్రకారం నష్టం సున్నా. నా షీట్‌లో మాత్రం 200 × 125 = 25,000 పోతుంది. ఇంకా ఎక్కువే, ఎందుకంటే అమ్మిన పుట్ డెల్టా పడేకొద్దీ పెరుగుతుంది. నిఫ్టీ పుట్ ఇక్కడ ఒక్క రూపాయి కూడా ఆదుకోదు. ఇప్పుడు నా షీట్‌లో మొత్తం పక్కనే ఇంకో కాలమ్ ఉంది: ఏ ఒక్క షేరు ఒంటరిగా 5 శాతం పడితే ఎంత పోతుందో. అందులో పైన కూర్చున్నది బ్యాంకు, 30,000. దాని తర్వాత సబ్బులే.