బాయిలర్ పరీక్షకు అనుభవ ధ్రువీకరణ లేఖ: రాయవలసిన తీరు

సోలాపూర్‌లో తువ్వాళ్లు, దుప్పట్లు నేసే మగ్గాల వెనుక అద్దకపు కర్మాగారాలు ఉన్నాయి. అద్దకానికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి. ఆ బాయిలర్ల దగ్గర ఇంధనం వేసే పనిలో చేరి, కొన్నేళ్ల తరువాత బాయిలర్ అటెండెంటు యోగ్యతా పత్రం కోసం పరీక్షకు కూర్చోదలచిన తెలుగు కార్మికులకు ఈ పాఠం ఉద్దేశింపబడినది. మరాఠీలో ‘బాష్పకే సంచాలనాలయ’ అని పిలిచే రాష్ట్ర బాయిలర్ల శాఖకు పంపే దరఖాస్తుతో పాటు, పనిచేసిన చోటి పర్యవేక్షకుడు ఇచ్చిన అనుభవ లేఖను జతపరచాలి. అభ్యర్థికి పని ఎంత బాగా వచ్చినా, ఆ లేఖలో లోపముంటే దరఖాస్తు అక్కడే నిలిచిపోవచ్చు.

ఒక అభ్యర్థి విషయమై పర్యవేక్షకుడు మొదట ఇలా రాశాడనుకుందాం: “ఇతడు 2021 నుంచి 2024 వరకు మా కర్మాగారంలో పనిచేసెను. మిక్కిలి నమ్మకస్తుడు. రాత్రి వేళల్లో బాయిలరును ఒంటరిగా నడపగల సమర్థుడు.” రాసినవాడికి అభ్యర్థిపై ఉన్న అభిమానం ఇందులో కనిపిస్తుంది. కానీ ఇందులోని మూడు వాక్యాల్లో ఒక్కటి కూడా అభ్యర్థికి పనికిరాదు. మూడవదైతే కీడు చేస్తుంది.

ముందుగా ఆ మూడవ వాక్యాన్ని చూద్దాం. బాయిలర్ నడిచేటప్పుడు అది యోగ్యతా పత్రమున్న వ్యక్తి అధీనంలో ఉండాలన్నది నియమం. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చిన తరువాత కూడా ఈ మూలసూత్రం మారలేదు. పత్రం లేని వ్యక్తి ఒంటరిగా బాయిలర్ నడిపాడని రాస్తే, నియమభంగం జరిగిందని యజమాని స్వయంగా సంతకం పెట్టి ఒప్పుకున్నట్లవుతుంది. పైగా అభ్యర్థి చూపవలసినది ఒంటరిగా చేసిన పని కాదు. పత్రమున్న అటెండెంటు పక్కన సహాయకుడిగా ఉండి నేర్చుకున్న కాలం. కాబట్టి మెప్పుగా తోచిన ఆ మాట లెక్కలోకి రాదు, అనుమానాన్ని మాత్రం తెస్తుంది. నిజంగా ఒంటరిగా నడిపించి ఉంటే, దానిని దాచి మరో విధంగా రాయడం కూడా తగదు. ఆ రాత్రుల కాలాన్ని లెక్కలో చేర్చకుండా వదలివేయాలి.

ఇక మొదటి వాక్యం. “2021 నుంచి 2024 వరకు” అంటే ఎంత కాలం? 2021 డిసెంబరు చివర చేరి 2024 జనవరి మొదట్లో మానినవాడికీ ఇదే మాట సరిపోతుంది. అతడు చేసినది రెండేళ్ల పైచిలుకు మాత్రమే. 2021 జనవరిలో చేరి 2024 డిసెంబరు దాకా ఉన్నవాడికీ ఇదే మాట, అతడివి నాలుగేళ్లు. సందేహం వచ్చినప్పుడు పరిశీలకుడు తక్కువ కాలాన్నే తీసుకుంటాడు. అందుచేత తేదీ, నెల, సంవత్సరం మూడూ ఉండాలి.

ఈ అభ్యర్థి విషయంలో నిజమైన తేదీలు ఇవి. అతడు 2021 జూన్ 14న చేరాడు. మొదట నూలు గిడ్డంగిలో మూటలు మోశాడు. 2022 ఫిబ్రవరి 15న బాయిలర్ గదికి మారాడు. 2024 మార్చి 31 నాటికి ఉద్యోగకాలం రెండేళ్ల తొమ్మిదిన్నర నెలలు కావచ్చు గాని, బాయిలర్ దగ్గరి కాలం ఇరవై ఐదున్నర నెలలే. ఇందులోనూ 2023 ఏప్రిల్, మే నెలల్లో గొట్టాలు మార్చడానికి బాయిలర్‌ను ఆపివేశారు. మంట లేని బాయిలర్ దగ్గర ఇంధనం వేసే అనుభవం ఉండదు. ఆ రెండు నెలలు తీసివేస్తే మిగిలేది ఇరవై మూడున్నర నెలలు.

ఎన్నేళ్ల అనుభవం కావాలన్నది పరీక్ష తరగతిని బట్టి మారుతుంది. దరఖాస్తు వెంట ఇచ్చే నియమాల్లో చూసుకోవాలి. లెక్క కోసం రెండేళ్లు అనుకుంటే, ఈ అభ్యర్థికి పదిహేను రోజులు తక్కువైంది. పర్యవేక్షకుడు దయతో ఆ రెండు నెలల మాట ఎత్తకుండా వదిలేద్దామనవచ్చు. అది ప్రమాదకరం. ప్రతి బాయిలర్‌కు శాఖ ఇచ్చే వినియోగ పత్రం సాధారణంగా పన్నెండు నెలలకు మించి చెల్లదు. తనిఖీ ఎప్పుడు జరిగింది, మరమ్మతుకు అనుమతి ఎప్పుడు తీసుకున్నారు అన్న వివరాలు ఆ బాయిలర్ నమోదు సంఖ్య కింద శాఖ దగ్గరే ఉంటాయి. లేఖను ఆ దస్త్రంతో పోల్చితే తేడా బయటపడుతుంది. అభ్యర్థి ఇంకా అదే పనిలో ఉన్నాడు గనుక, 2024 ఏప్రిల్ 14 దాటాక లేఖ రాయించుకుంటే ఇరవై నాలుగు నెలలు నిండుతాయి. ఏ అబద్ధమూ అవసరం ఉండదు.

“నమ్మకస్తుడు” అన్న రెండవ వాక్యం నడవడి పత్రంలో ఉండదగినది. ఇక్కడ దాని స్థానంలో చేసిన పని ఉండాలి. సవరించిన లేఖలోని ప్రధాన భాగం ఇలా ఉండవచ్చు:

“ఇతడు 2022 ఫిబ్రవరి 15 నుంచి 2024 ఏప్రిల్ 15 వరకు మా కర్మాగారంలోని ........ నమోదు సంఖ్య గల, ........ చదరపు మీటర్ల తాపన తలం గల బాయిలర్ వద్ద పూర్తికాల ఫైర్‌మన్‌గా పనిచేసినాడు. 2023 ఏప్రిల్ 1 నుంచి మే 31 వరకు మరమ్మతు నిమిత్తం బాయిలర్ నిలిపివేయబడినది. ఆ కాలం ఈ అనుభవంలో చేర్చలేదు. ఇతడు ........ తరగతి, ........ సంఖ్య గల యోగ్యతా పత్రమున్న అటెండెంటు పర్యవేక్షణలో ఇంధనం వేయుట, నీటిమట్టపు గాజుగొట్టాన్ని పరీక్షించుట, ఫీడ్ పంపు నడుపుట, బ్లోడౌన్ చేయుట, ఆవిరి పీడనాన్ని లాగ్ పుస్తకంలో నమోదు చేయుట అనే పనులు చేసినాడు.”

తాపన తలం వైశాల్యం బాయిలర్ పరిమాణాన్ని తెలుపుతుంది. చిన్న బాయిలర్ దగ్గరి అనుభవమూ పెద్దదాని దగ్గరి అనుభవమూ ఒకటిగా చూడరు. ఆ అంకెను, నమోదు సంఖ్యను వినియోగ పత్రం నుంచే చూసి ఎక్కించాలి; గుర్తున్నంత మట్టుకు రాయకూడదు. పని పేర్లలో అభ్యర్థి చేయనిది ఒక్కటి కూడా చేర్చరాదు. మౌఖిక పరీక్షలో పరిశీలకుడు లేఖను ముందు పెట్టుకొని, “బ్లోడౌన్ ఎప్పుడు చేసేవాడివి? గాజుగొట్టంలో నీరు కనిపించకపోతే ఏం చేసేవాడివి?” అని అడగవచ్చు.

సంతకం ఎవరు చేయాలి? పక్కన నిలబడి పని చూసిన అటెండెంటు తన పత్రం సంఖ్యతో సంతకం చేసి, యజమాని లేదా మేనేజరు సంస్థ ముద్రతో ధ్రువీకరిస్తే బలంగా ఉంటుంది. ఆ అటెండెంటు ఉద్యోగం మానివేసి ఉంటే, లాగ్ పుస్తకాన్నీ హాజరు పట్టీనీ చూసి యజమాని రాయవచ్చు; వాటి ఆధారంగా రాసినట్లు లేఖలో చెప్పాలి. భవిష్యనిధి ఖాతా పుస్తకం సంస్థలో పనిచేసిన నెలలను చూపుతుంది గాని, గిడ్డంగిలోనా బాయిలర్ దగ్గరా అన్నది చూపదు. అందువల్ల అది లేఖకు తోడుగా పనికివస్తుందే తప్ప దాని స్థానాన్ని భర్తీ చేయదు.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు పేరు. ఇంటిపేరు ముందు రాసుకోవడం మన అలవాటు. మహారాష్ట్రలో తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అన్న వరుస ఎక్కువ. హాజరు పట్టీలో ఒక విధంగా, ఆధార్‌లో మరో విధంగా ఉంటే ఇద్దరు మనుషులన్న అనుమానం వస్తుంది. లేఖలో ఆధార్‌లోని వరుసనే అక్షరం తప్పకుండా రాసి, “హాజరు పట్టీలో ఇతని పేరు ఇలా ఉన్నది” అని ఒక వాక్యం చేర్చమని పర్యవేక్షకుణ్ణి ముందే కోరాలి.