డెంగీ అనుమానమున్న జ్వరంలో నొప్పి మాత్రలు వద్దు

బెంగళూరులో వానాకాలపు ఆరోగ్య శిబిరానికి వచ్చిన తెలుగు కుటుంబాలతో మాట్లాడుతూ, వైద్యురాలు ఒక తాపీమేస్త్రీ ఉదంతాన్ని వివరించారు.

అతనికి సోమవారం సాయంత్రం తీవ్రమైన జ్వరం వచ్చింది. తలనొప్పి, కళ్ళ వెనుక నొప్పి, కీళ్ళ నొప్పులు తోడయ్యాయి. మంగళవారం మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్రతో నొప్పి తగ్గడంతో పనికి వెళ్ళాడు. గురువారం జ్వరం దిగింది. కానీ కడుపునొప్పి మొదలైంది. శుక్రవారం మలం తారులా నల్లగా వచ్చింది. ఆసుపత్రిలో అడిగితే, “జ్వరం మాత్రే వేసుకున్నానమ్మా” అన్నాడు. భార్య తెచ్చిన ఖాళీ స్ట్రిప్పు మీద పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రొఫెన్ పేరు కూడా ఉంది. పరీక్షలో డెంగీ అని తేలింది. చికిత్సతో అతడు కోలుకున్నాడు.

డెంగీలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, మెఫినమిక్ యాసిడ్, ఆస్పిరిన్ వంటి మందులు మిగిలిన ప్లేట్‌లెట్ల పనికి కూడా అడ్డుపడగలవు. కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. అందువల్ల రక్తస్రావపు ముప్పు పెరుగుతుంది. ఆ మేస్త్రీకి రక్తస్రావం డెంగీ వల్ల జరిగిందా, మాత్ర వల్ల జరిగిందా అని విడదీసి చెప్పలేమని, అయితే ఆ మాత్ర ప్రమాదాన్ని పెంచిందని ఆమె అన్నారు. వీటిలో కొన్ని సూది రూపంలోనూ ఉంటాయి. కనుక నొప్పికి సూది వేయమని కోరరాదు.

డెంగీ కాదని తేలేంతవరకు జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. కాలేయ జబ్బు లేని పెద్దలకు 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుకు మించకుండా సరిపోతుంది. జ్వరం పూర్తిగా దిగలేదని మోతాదు పెంచితే కాలేయానికి హాని. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉండవచ్చు కనుక దాన్నీ లెక్కలో చేర్చాలి. పిల్లల మోతాదును బరువును బట్టి వైద్యులే నిర్ణయించాలి.

“మా నాన్నగారు గుండెకు రోజూ ఆస్పిరిన్ వేసుకుంటారు. జ్వరమొస్తే ఆపేయాలా డాక్టరమ్మా?” అని ఒక యువకుడు అడిగాడు. “మీ అంతట మీరు ఆపవద్దు. అలాగని ఊరుకోనూ వద్దు. జ్వరం వచ్చిన రోజే ఆ మందు రాసిన వైద్యులకు చూపించండి” అని ఆమె బదులిచ్చారు.

జ్వరం దిగినంత మాత్రాన డెంగీ గండం గడచినట్లు కాదు. తరచుగా మూడో రోజు నుండి ఏడో రోజు మధ్య, జ్వరం తగ్గే వేళకే ప్రమాదం తలెత్తుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, నల్లని మలం, మగత, మూత్రం తగ్గడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు, వేసుకున్న మాత్రల స్ట్రిప్పు ఖాళీదైనా సరే వెంట తీసుకుపోవాలి.