కట్టు పెంచే కాగితంలో ఏముండాలి?

మందమర్రిలో గదులు అద్దెకు తీసుకుని ఉండే కాంట్రాక్టు కార్మికులకు, కొత్తగా సింగరేణిలో చేరి కుటుంబాన్ని ఇంకా తెచ్చుకోని కుర్రాళ్లకు మెస్సే ఇల్లు. అక్కడ ధర పెరిగే తీరు ఊరందరికీ తెలిసిందే. ఒకరోజు కౌంటర్ వెనక గోడకు కాగితం అతుక్కుంటుంది: "అన్ని రేట్లు పెరిగినందున, రేపటి నుండి నెలకట్టు రూ.3,900. సహకరించగలరు." అప్పటికి నెల మొదలై పన్నెండు రోజులు. కట్టు డబ్బు ఒకటో తారీఖునే ఇచ్చేసినవాడు ఆ కాగితం ముందు నిలబడి, "అన్నా, నేను మూడువేల ఐదొందలు కట్టిన గదా, మల్ల గిదేంది?" అంటాడు. యజమాని నసుగుతాడు. కాగితంలో మర్యాదకు లోటు లేదు, "సహకరించగలరు" అనే ఉంది. ఉండవలసినవే లేవు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మెస్సు భోజనానికి ఇంతే తీసుకోవాలని గరిష్ఠ ధర నిర్ణయించే చట్టం లేదు. మూడున్నర వేలు ఉన్న కట్టును యజమాని నాలుగు వేలు చేసినా, ఐదు వేలు చేసినా అది అతని ఇష్టం. నచ్చనివారు పక్క మెస్సుకు వెళ్తారు. ధర ఎంత అన్నదాని జోలికి చట్టం పెద్దగా రాదు. ఎప్పటి నుంచి, ఎవరికి, ఏ కారణం చెప్పి పెంచారన్న చోట వస్తుంది.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(6) ఏయే విషయాల మీద ఫిర్యాదు చేయవచ్చో చెబుతుంది. అందులో అధిక ధర గురించిన భాగం మెస్సుకు అతికినట్టు సరిపోతుంది. చట్టం నిర్ణయించిన ధర కంటే, సరుకు ప్యాకెట్ మీద ఉన్న ధర కంటే, దుకాణదారు ప్రదర్శించిన ధరల పట్టిక కంటే, ఇద్దరూ ఒప్పుకున్న ధర కంటే ఎక్కువ తీసుకుంటే ఫిర్యాదు చేయవచ్చు. అంటే గోడ మీది బోర్డుకు చట్టంలో విలువ ఉంది. బోర్డులో భోజనం 80 అని ఉండగా బిల్లు దగ్గర 90 అడగడం కుదరదు, "బోర్డు పాతది సార్" అన్న జవాబు చెల్లదు. అందుకే ధర పెంచదలచిన యజమాని చేయవలసిన మొదటి పని బోర్డు మార్చడం. చాలామంది చివర చేస్తారు, కొందరు అసలే చేయరు.

నెలకట్టు విషయంలో "ఇద్దరూ ఒప్పుకున్న ధర" అన్న మాట ఇంకా గట్టిది. ఒకటో తారీఖున 3,500 తీసుకుని కార్డు ఇచ్చారంటే ఆ నెలకు ఒప్పందం కుదిరినట్టే, స్టాంపు కాగితం అక్కర్లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందం మారాలంటే రెండు పక్షాలూ ఒప్పుకోవాలి. కాబట్టి పన్నెండో తారీఖున అతికించిన కాగితం ఆ నెలకు పనిచేయదు, వచ్చే ఒకటో తారీఖు నుంచే పనిచేస్తుంది. మూడు నెలల అడ్వాన్సు ఇచ్చినవారికైతే ఆ మూడు నెలలూ పాత రేటే. ఇన్ని రోజుల ముందు చెప్పాలన్న లెక్క మెస్సుల వంటి వ్యాపారాలకు ఈ చట్టంలో లేదు. జీతాలు పడే రోజుకూ కట్టు కట్టే రోజుకూ మధ్య మనిషి వేరే ఏర్పాటు చూసుకునేంత వ్యవధి ఉంటే చాలు. రెండు వారాలు న్యాయమైన గడువే అనిపిస్తుంది.

ఇక కారణం. యజమాని కారణం చెప్పి తీరాలని ఏ చట్టమూ అనదు. చెబితే మాత్రం అది నిజమై ఉండాలి.

అన్నిటికంటే సులువుగా వాడేసే కారణం "జీఎస్టీ పెరిగింది". దీన్ని లెక్కేసి చూడవచ్చు. నలభై మంది నెలకు 3,500 చొప్పున కట్టే మెస్సు ఉందనుకుందాం. ఏడాదికి 16 లక్షల 80 వేలు. తెలంగాణలో హోటళ్లు, మెస్సుల వంటి సేవలకు ఏడాది వ్యాపారం 20 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి. అంటే ఈ మెస్సు జీఎస్టీ పరిధిలోనే లేదు. కట్టు 3,900 చేసినా 18 లక్షల 72 వేలే. మరో ముగ్గురు చేరితే మాత్రం 20 లక్షలు దాటుతుంది. పార్శిళ్ల డబ్బు కూడా ఈ లెక్కలోనే కలపాలి గనుక నిజానికి ఇంకా ముందే దాటవచ్చు. నమోదు లేనివారు కస్టమర్ దగ్గర జీఎస్టీ పేరుతో పైసా వసూలు చేయకూడదు. నమోదై కాంపోజిషన్ పద్ధతి ఎంచుకున్న హోటలు 5 శాతం పన్ను తన జేబులోంచి కట్టాలి. బిల్లులో విడిగా పన్ను చూపి తీసుకునే హక్కు దానికి లేదు, కాంపోజిషన్ కింద ఉన్నట్టు బోర్డు మీద రాసి పెట్టాలి కూడా. కాబట్టి ఇలాంటి మెస్సు గోడ మీద "జీఎస్టీ వల్ల పెంచాం" అని కనిపిస్తే కస్టమర్ అడగవలసింది ఒకటే: "మీ జీఎస్టీ నంబరు ఎంత?" నంబరు లేకుండా పన్ను మాట చెప్పి డబ్బు తీసుకుంటే, మోసపూరిత వ్యాపార పద్ధతి అని ఫిర్యాదు చేయడానికి దారి ఉంటుంది.

"గ్యాసు పెరిగింది" అన్నది చాలాసార్లు నిజమే. హోటళ్లు వాడవలసిన 19 కిలోల వాణిజ్య సిలిండర్ ధరను చమురు సంస్థలు సాధారణంగా ప్రతి నెలా ఒకటో తారీఖున సవరిస్తాయి. అయితే ఆ పెరుగుదల తలకెంత పడుతుందో చూడాలి. నలభై మందికి రెండు పూటలా వండే మెస్సు నెలకు ఎనిమిది సిలిండర్లు వాడుతుందని, సిలిండర్ మీద 150 రూపాయలు పెరిగిందని అనుకుందాం. మొత్తం 1,200. తలకు 30 రూపాయలు. మిగతా 370 బియ్యానివో, నూనెవో, వంటమనిషి జీతానివో అయి ఉండాలి. అవి కూడా న్యాయమైన కారణాలే, వాటి పేరు చెప్పడానికి సంకోచం ఎందుకు? చెబితే కస్టమర్ సులువుగానే ఒప్పుకుంటాడు, ఎందుకంటే నూనె ప్యాకెట్ అతనూ కొంటాడు. ఒక చిక్కు మాత్రం ఉంది. గ్యాసు కారణం రాసిన కాగితం కిందే, పొయ్యి పక్కన ఇంటి వాడకానికిచ్చే 14.2 కిలోల సిలిండర్ కనిపిస్తే, నోటీసు యజమాని మీదికే తిరుగుతుంది. ఇంటి సిలిండర్‌ను వ్యాపారానికి వాడటం నేరం.

మూడో కారణం ఫ్లెక్సీల మీద ఎక్కువ కనిపిస్తుంది: "సంఘం తీర్మానం మేరకు." క్షవరం, టైలరింగ్, ఇస్త్రీ, హోటలు, వాటర్ క్యాన్లు, ఏ వృత్తి అయినా సరే, ఊళ్లో అందరూ కలిసి ఒకే రేటు రాసి, ఒకే తేదీ వేసి, సంఘం పేరుతో ఫ్లెక్సీ కడతారు. ఆ మాట తమకు బలం అనుకుంటారు. చట్టం కళ్లకు అదే బలహీనత. పోటీ చట్టం 2002లో సెక్షన్ 3(3) ప్రకారం, ఒకే వ్యాపారంలో పోటీదారులు కలిసి ధర నిర్ణయించుకుంటే అది పోటీకి హాని చేస్తుందని ముందే భావిస్తారు, కాదని నిరూపించుకోవలసింది వాళ్లే. బెంగాల్ కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్ అసోసియేషన్ తన మందుల దుకాణాలను ఎమ్మార్పీ మీద తగ్గింపు ఇవ్వొద్దని కట్టడి చేసినందుకు 2014లో పోటీ కమిషన్ జరిమానా వేసింది. మందమర్రి కటింగ్ షాపుల కోసం ఢిల్లీ నుంచి ఎవరూ రారన్నది నిజమే. అయినా సంఘం రేటుకంటే తక్కువ తీసుకునే షాపుకు జరిమానా వేయడం, మూయించడం దాకా వెళ్లే చోట దెబ్బ తినేది కస్టమరూ, ఆ చిన్న షాపువాడూ. సంఘం కూర్చుని ఖర్చుల గురించి మాట్లాడుకోవచ్చు, పన్నులు తగ్గించమని అర్జీ పెట్టుకోవచ్చు. రేటు మాత్రం ఎవరిది వాళ్లే నిర్ణయించుకోవాలి. కారణం కూడా ఎవరిది వాళ్లే రాసుకోవాలి.

ధర పెంపును ఎలా తెలపాలో ప్రభుత్వమే ఒకసారి నియమాలు పెట్టింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు, అప్పటికే ఎమ్మార్పీ ముద్రించి అమ్ముడుపోకుండా మిగిలిన సరుకుల మీద కొత్త ధర వేసుకునేందుకు తయారీదారులకు, ప్యాకర్లకు, దిగుమతిదారులకు అనుమతి ఇచ్చింది. షరతులు చూడండి: పాత ధర చెరిపేయకూడదు, కొత్తదాని పక్కన కనిపించాలి. పెంపు పన్ను పెరిగినంత మేరకే ఉండాలి, దాని చాటున ఇంకొంత కలపకూడదు. పత్రికల్లో ప్రకటన వేయాలి, డీలర్లకు తెలపాలి. ఆ అనుమతి మొదట సెప్టెంబర్ 30 వరకే, తర్వాత పొడిగించారు. కిరాణా కొట్టువాళ్లు గుర్తుంచుకోవలసిందేమంటే, ఆ వెసులుబాటు ఎప్పుడూ వాళ్లది కాదు. ముద్రించిన ధర మీద స్టిక్కర్ వేసి పెంచడం, చల్లని నీళ్ల సీసాకు "కూలింగ్" పేరుతో రెండు రూపాయలు కలపడం తూనికలు కొలతల నిబంధనలకు విరుద్ధం. మర్యాదగా ఎంత చెప్పినా అది మారదు.

పెద్ద సంస్థల ప్రకటనల్లోనూ నేర్చుకోదగినది ఉంది. అమూల్ 2025 మే 1 నుంచి పాల ధర లీటరుకు 2 రూపాయలు పెంచినప్పుడు తేదీ, పెంపు ఎంత, ఖర్చు ఎక్కడ పెరిగింది అన్నవి సూటిగా చెప్పింది. కస్టమర్ ఇచ్చే ప్రతి రూపాయిలో సుమారు 80 పైసలు పాడి రైతుకే వెళ్తాయని ఆ సంస్థ ఎప్పుడూ చెప్పే మాట. ఎక్కువ డబ్బు ఎవరికి చేరుతుందో తెలిస్తే ఇచ్చేవాడికి కొంత తేలిక. మెస్సు యజమాని కూడా "వంటమనిషి జీతం పెంచాం" అని రాయవచ్చు, నిజంగా పెంచి ఉంటే.

ఇవన్నీ కలిపితే మన మెస్సు కాగితం ఇలా ఉండవచ్చు:

"మన మెస్సులో తినే అందరికీ మనవి. మార్చి 1 నుంచి నెలకట్టు రూ.3,500 బదులు రూ.3,900 అవుతుంది. ఏడాదిన్నరగా పాత రేటుకే నడిపాం. నూనె, గ్యాసు ఖర్చు పెరిగింది, వంటమనిషి జీతం పెంచాం. అందుకే ఈ మార్పు తప్పడం లేదు. కూర, పప్పు, పెరుగు ఇప్పుడున్నట్టే ఉంటాయి. ఫిబ్రవరి కట్టు కట్టినవారికి ఈ నెలంతా పాత రేటే. ముందుగా మూడు నెలలకు ఇచ్చినవారికి ఆ గడువు తీరేదాకా ఏ మార్పూ లేదు. మానుకోవాలనుకునేవారు చెబితే, తినని నెలలకు ఇచ్చిన డబ్బు తిరిగి ఇస్తాం. ఏమైనా అడగాలంటే కౌంటర్ దగ్గర అడగండి."

ఫిబ్రవరి పదిహేనుకల్లా ఇది గోడ మీద, వాట్సాప్ గ్రూపులో ఉండాలి. నైట్ షిఫ్టు వాళ్లు గోడ చూడరు. మార్చి 1 పొద్దున బోర్డు మారాలి.

ఇలా కాక నెల మధ్యలోనే 400 వసూలు చేస్తే? కస్టమర్ ఆ రోజే బోర్డుకూ కాగితానికీ ఫోటో తీసుకోవాలి, మెస్సు కార్డు పారేయకూడదు, ఫోన్‌పేలో పంపిన డబ్బు వివరం ఉంచుకోవాలి. ముందు యజమానికి వాట్సాప్‌లో రాసి తిరిగి అడగాలి, ఆ సందేశం తర్వాత సాక్ష్యం అవుతుంది. వినకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, రాజీకి ప్రయత్నిస్తుందే తప్ప తీర్పు ఇవ్వదు. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, గొడవ జరిగిన రెండేళ్లలోపు వేయాలి, వకీలు లేకుండానే వాదించుకోవచ్చు. ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోటి కమిషన్‌లోనూ వేయవచ్చు. కాబట్టి మందమర్రి మెస్సులో తిని, తర్వాత బదిలీ మీద భూపాలపల్లి వెళ్లిన కార్మికుడు దీనికోసం వెనక్కి రానక్కర్లేదు.