ఒక్క మిస్‌కి మూడు శాతం పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఉస్మానియా క్యాంపస్‌లో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. 24 ఫ్రీ త్రోల్లో 18 వేసి 75 శాతం తెచ్చుకుంది. తర్వాతిది తప్పితే 72కి పడింది. వేసుంటే 76 మాత్రమే అయ్యేదట. ఇదేం లెక్క?
– ఒక తండ్రి, మెట్టుగూడ

జవాబు: లెక్క సరైనదేనండి. 75 నుంచి వందకి దూరం 25, సున్నాకి దూరం 75. కొత్త త్రో ఆ దూరాన్ని మొత్తం త్రోల సంఖ్యతో, అంటే 25తో, భాగించినంత మేర శాతాన్ని లాగుతుంది. పడితే 1 పైకి, తప్పితే 3 కిందికి. ఆ మిస్‌ని పూడ్చాలంటే వరసగా మూడు వేయాలి: 28కి 21, మళ్లీ 75.

అదే 240కి 180 ఉన్నప్పుడు ఒకటి తప్పితే 74.7 దగ్గరే ఆగుతుంది. అందుకే సీజన్ మొదట్లో కనిపించే శాతాన్ని నేను పెద్దగా నమ్మను.

మన హైదరాబాదీ లక్ష్మణ్‌ది శాతం కాదు, సగటు. తీరు మాత్రం ఇదే. టెస్టుల్లో 8781 పరుగులు, 191 సార్లు అవుట్, సగటు 45.97. ఇంకొక్కసారి సున్నాకి అవుటైనా 45.73కే దిగేది.

ఇంకోమాట. మ్యాచ్‌ల శాతాలను కలిపి సగం చేయకండి. 2కి 2, 10కి 4 అంటే 70 కాదు. 12కి 6, యాభయ్యే.