లింకు ఉంది, డబ్బు పడలేదు: బ్యాంకుకు రాయాల్సిన అర్జీ

2025 నవంబరు 19న అన్నదాత సుఖీభవ రెండో విడతను ముఖ్యమంత్రి మన కడప జిల్లా పెండ్లిమర్రిలోనే విడుదల చేశారు. రాష్ట్రం వాటా అయిదు వేలు, పీఎం కిసాన్ కింద కేంద్రం ఇచ్చే రెండు వేలు, కలిపి 7,000 రూపాయలు. ఇట్లాంటి విడత విడుదలైన ప్రతిసారీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బ్యాంకుల ముందు ఒకటే మాట వినబడుతుంది.

"అకౌంటుకు ఆధార్ లింకు ఉండాదనే అంటాండారు. దుడ్లు మాత్రం పళ్ళేదు సార్."

బ్యాంకువాళ్లు అబద్ధం చెప్పడం లేదు, రైతూ అబద్ధం చెప్పడం లేదు. ఖాతా తెరిచేటప్పుడు జిరాక్సు ఇచ్చి, వేలిముద్ర వేస్తే ఆధార్ ఆ బ్యాంకు కంప్యూటర్లోకి ఎక్కుతుంది. అది మనం ఫలానా మనిషేనని బ్యాంకు నమ్మడానికి. ప్రభుత్వ సొమ్ము వచ్చే దారి వేరు. ప్రభుత్వం ఖాతా నంబరు చూడదు, ఆధార్ నంబరు మాత్రమే పంపుతుంది. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, అంటే ఎన్‌పీసీఐ దగ్గర మ్యాపర్ అనే పెద్ద పట్టిక ఒకటి ఉంది. ఒక ఆధార్‌కు ఎదురుగా అందులో ఒకే బ్యాంకు పేరు ఉంటుంది. డబ్బు ఆ బ్యాంకుకు పోతుంది, ఆధార్‌ను బట్టి ఏ ఖాతాలో వేయాలో ఆ బ్యాంకు చూసుకుంటుంది. మనకు నాలుగు బ్యాంకుల్లో ఖాతాలుండి, నాలుగింటికీ ఆధార్ ఇచ్చి ఉన్నా, పట్టికలో ఉండేది ఒక్కటే. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయాక ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారింది కాబట్టి డబ్బు ఆగిందేమో అని కొందరు అనుకుంటారు. ఈ దారిలో ఆ కోడ్‌తో పనే లేదు.

కాబట్టి అర్జీ రాయడానికి ముందే డబ్బు ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలి. pmkisan.gov.in లో Know Your Status నొక్కి, రిజిస్ట్రేషన్ నంబరు కొడితే మూడు వరుసలు చూడొచ్చు: Land Seeding, e-KYC Status, Aadhaar Bank Account Seeding Status. మొదటి రెండింటిలో తేడా ఉంటే అది బ్యాంకు పని కాదు, రైతు సేవా కేంద్రంలో తేలాలి. మూడోదాని ఎదురుగా No అని ఉన్నా, మూడూ బాగుండి డబ్బు మాత్రం కనబడకపోయినా బ్యాంకు సంగతి చూడాలి.

ఆ తరువాత myaadhaar.uidai.gov.in లో ఓటీపీతో లోపలికి పోయి Bank Seeding Status చూడాలి. బ్యాంకు పేరు, అది Active గా ఉందా Inactive గా ఉందా అన్నది కనిపిస్తాయి. ఆధార్‌కు ఫోన్ నంబరు లేక ఓటీపీ రాకపోతే ఇంకో ఉపాయం ఉంది. ఉపాధి హామీ కూలి ఏ బ్యాంకులో పడుతోందో ఇంట్లో అడగండి. 2024 జనవరి 1 నుంచి ఆ కూలి కూడా ఆధార్ దారిలోనే వస్తోంది. ఎవరి కూలి ఏ బ్యాంకులో పడుతోందో, పట్టికలో వాళ్ల ఆధార్‌కు ఎదురుగా ఉన్న బ్యాంకు అదే.

జమ్మలమడుగు మండలం రైతు ఒకాయన సంగతి చూడండి. స్టేటస్‌లో మూడు వరుసలూ బాగానే ఉన్నాయి, డబ్బు పంపినట్టే ఉంది. పాస్‌బుక్కులో మాత్రం లేదు. ఆధార్ వెబ్‌సైట్‌లో చూస్తే ఇంకో బ్యాంకు పేరు వచ్చింది. కొన్నేళ్ల కిందట ప్రొద్దుటూరులో బంగారం కుదువ పెట్టి అప్పు తీసుకున్నప్పుడు, అక్కడ సేవింగ్స్ ఖాతా కూడా తెరిపించారు. చూపించినచోటల్లా సంతకం పెట్టాడు, అందులో సీడింగ్ సమ్మతి కూడా ఉన్నట్టుంది. నగ విడిపించుకున్నాక ఆ ఖాతా సంగతే మరిచిపోయాడు. విడతలన్నీ పోయి అందులోనే కూచున్నాయి. ఆయనకు వ్యవసాయ శాఖవాళ్లతో పనే లేదు. ప్రొద్దుటూరు పోయి కేవైసీ కాగితాలిచ్చి ఆ డబ్బు తెచ్చుకోవాలి, ముందు ముందు జమ్మలమడుగులోనే పడేటట్టు బ్యాంకు మార్పించుకోవాలి.

మార్పుకు పాత బ్యాంకు పేరు తప్పనిసరిగా రాయాలి. దీని వెనక ఒక కథ ఉంది. 2017లో లక్షల మందికి తెలియకుండానే వాళ్ల పేర్ల మీద ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకు ఖాతాలు తెరుచుకుని, వాళ్ల గ్యాస్ సబ్సిడీ అందులోకి మళ్లిపోయింది. ఆ రచ్చ తరువాతే ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్చాలంటే పాత బ్యాంకు పేరుతో ఖాతాదారు స్పష్టంగా ఒప్పుకోవాలన్న నియమం వచ్చింది. ఈ ఒప్పుకోలు వాక్యం లేకపోతే అర్జీ తిరిగి రావచ్చు.

జమ్మలమడుగు రైతు కోసం రాసిన అర్జీ ఇట్లా ఉంది:

జమ్మలమడుగు,
తేదీ: ______

బ్రాంచి మేనేజర్ గారికి,
______ బ్యాంకు, జమ్మలమడుగు.

విషయం: ప్రభుత్వ నగదు బదిలీ కోసం నా ఖాతాను ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో ఆధార్‌తో అనుసంధానం చేయుట గురించి.

అయ్యా,

మీ బ్రాంచిలో నాకు ______ నంబరు సేవింగ్స్ ఖాతా ఉంది. నా ఆధార్ చివరి నాలుగు అంకెలు ______. ఈ ఖాతాకు ఆధార్ నమోదై ఉన్నా, ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో నా ఆధార్ ______ బ్యాంకు పేరు మీద ఉంది. ______ తేదీన తీసిన ప్రింటు జతచేశాను. ఇందువల్ల అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ సొమ్ము ఈ ఖాతాలో జమ కావడం లేదు.

కావున నా ఆధార్‌ను పై బ్యాంకు నుంచి మీ బ్యాంకుకు మార్చి, ఇకమీదట ప్రభుత్వ సొమ్ము ఈ ఖాతాలోనే జమ అయ్యేలా చేయవలసిందిగా కోరుతున్నాను. ఇందుకు నా సమ్మతి తెలుపుతున్నాను. మీ సమ్మతి పత్రం నింపి జతచేశాను. అర్జీ అందినట్టు నకలు మీద తేదీ, ముద్ర వేసి ఇవ్వగలరు.

ఇట్లు,
(సంతకం లేదా వేలిముద్ర)
పేరు, ఊరు, ఫోన్ నంబరు

"ఆధార్ లింక్ చేయండి" అని మాత్రం రాయకండి. అట్లా రాస్తే కౌంటర్లో చూసి, లింకు ఉందిలే పో అంటారు. "మ్యాపర్", "నగదు బదిలీ" అన్న మాటలుంటేనే ఆ కాగితం సరైన మనిషి టేబుల్ మీదికి చేరుతుంది. ఆధార్ నంబరు మొత్తం అర్జీలో రాయాల్సిన పని లేదు, దానికి బ్యాంకు సమ్మతి పత్రంలోనే గడులున్నాయి.

పులివెందుల దగ్గర అరటి పెట్టే రైతుది వేరే చిక్కు. ఆయనకు Inactive అని వచ్చింది. పాత ఖాతా మూసేయించాడు, కొత్త బ్యాంకులో తెరిచినప్పుడు సీడింగ్ సమ్మతి ఇవ్వలేదు. డబ్బు ఏ బ్యాంకులోనూ లేదు, పంపినచోటే ఆగింది. ఇట్లాంటప్పుడు అర్జీలో మార్పు అని కాక "కొత్తగా అనుసంధానం" అని రాయాలి. ఎన్‌పీసీఐ వెబ్‌సైట్‌లో BASE అనే చోట ఇంటి నుంచే అడగొచ్చు, కానీ దానికి మన బ్యాంకు ఆ సదుపాయంలో చేరి ఉండాలి.

Active అని మారినంత మాత్రాన ఆగిన విడత మర్నాడే పడదు. బ్యాంకు దారి మాత్రమే తెరుస్తుంది, డబ్బు మళ్లీ పంపాల్సింది శాఖ. అందుకే పులివెందుల రైతుకు రెండో కాగితం కావాల్సి వచ్చింది. అది మండల వ్యవసాయ అధికారికి: ఫలానా విడత సీడింగ్ లేక ఆగింది, ఫలానా తేదీ నుంచి Active అయింది, ప్రింటు ఇదిగో, చెల్లింపు మళ్లీ పంపండి అని నాలుగు వాక్యాలు. దాన్ని రైతు సేవా కేంద్రంలో ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోవాలి. సందేహాలకు 155251కి ఫోన్ చేయొచ్చు.

బ్యాంకు ముద్ర వేసిన నకలు పారేయొద్దు. ముప్పై రోజులైనా జవాబు రాకపోతే ఆ నకలు ఫొటో తీసి cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. బ్యాంకుకు ముందు రాతపూర్వకంగా ఇచ్చారా అన్నదే అక్కడ మొదట చూస్తారు. ఫిర్యాదుకు ఫీజు లేదు.