నలభై అయిదు వేలలో మన తెలివి ఎంత?

అల్వాల్ స్టేషన్‌లో సికింద్రాబాద్ వైపు వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కామనుకోండి. బండి కదిలాక ఒకడు ముందు పెట్టె వైపు నడిచాడు, ఇంకొకడు వెనక పెట్టె వైపు నడిచాడు. కాసేపటికి చూస్తే ఇద్దరూ మల్కాజిగిరి వచ్చేశారు. ఎవరు ఎంత నడిచారో తెలియాలంటే ముందు బండి ఎంత దూరం వచ్చిందో తీసేయాలి. వెనక్కి నడిచినవాడు కూడా మల్కాజిగిరిలోనే ఉన్నాడు కాబట్టి అతనూ ముందుకే నడిచాడని అనడం తప్పు.

లాంగ్-షార్ట్ అనే పెట్టుబడి పద్ధతిలో లాభనష్టాల లెక్క విడదీయడం అచ్చం ఇలాంటిదే. బాగా పెరుగుతాయనుకున్న షేర్లు కొంటాం, అది లాంగ్ కాలు. వాటంత బాగా ఉండవనుకున్నవి ముందే అమ్ముతాం, అది షార్ట్ కాలు. మన దేశంలో మామూలు మదుపరి చేతిలో లేని షేరును అమ్మి సులభంగా రాత్రి దాటించలేడు. అందుకని షార్ట్ కాలు ఎక్కువగా స్టాక్ ఫ్యూచర్స్‌లోనే నడుస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, లెక్కలో మళ్లీ వస్తుంది.

ఊహించిన అంకెలతో ఒక నెల లెక్క వేద్దాం. 10 లక్షల షేర్లు కొన్నాం. అంతే విలువకు, అంటే 10 లక్షలకు, వేరే షేర్ల ఫ్యూచర్స్ అమ్మాం. రెండు వైపులా సమానం కదా, మార్కెట్ ఎటు పోతే మనకేంటి అనిపిస్తుంది. ఆ నెల నిఫ్టీ 4 శాతం పెరిగింది. మనం కొన్నవి 6 శాతం పెరిగాయి, అంటే 60,000 లాభం. అమ్మినవి కూడా 2 శాతం పెరిగాయి, అంటే 20,000 నష్టం. నికరంగా 40,000 వచ్చింది. దీన్ని చూసి చాలామంది చెప్పే మాట ఒకటే: "లాంగ్ అదిరింది, షార్ట్ దెబ్బ కొట్టింది, వచ్చే నెల షార్ట్ మానేద్దాం."

ఇప్పుడు బండి దూరం తీసేద్దాం. నిఫ్టీ 1 శాతం కదిలితే ఒక షేరు సగటున ఎంత కదులుతుందో చెప్పే అంకెను బీటా అంటారు. మనం కొన్నవాటి బీటా 1.2, అమ్మినవాటి బీటా 0.7 అనుకుందాం. అప్పుడు లెక్క ఇది:

```
L = S = 1000000; m = 0.04
market    = (1.2*L - 0.7*S) * m     # 20000
long_own  =  L * (0.06 - 1.2*m)     # 12000
short_own = -S * (0.02 - 0.7*m)     #  8000
```

రూపాయల్లో రెండు కాళ్లూ సమానమే, కానీ మార్కెట్ బరువులో కాదు. లాంగ్ వైపు 12 లక్షల నిఫ్టీ ఉన్నట్టు, షార్ట్ వైపు 7 లక్షల నిఫ్టీ ఉన్నట్టు. మధ్యలో 5 లక్షల నిఫ్టీని మనకు తెలియకుండానే కొని కూర్చున్నాం. 40,000లో సగం దాని పుణ్యమే. నిఫ్టీ 4 శాతం పడి ఉంటే అదే 20,000 నష్టమయ్యేది.

ఇక షార్ట్ కాలు చూడండి. ఖాతాలో 20,000 నష్టం చూపించింది, నిజమే. కానీ మార్కెట్ మోసుకెళ్లినదాన్ని బట్టి ఆ షేర్లు 2.8 శాతం పెరగాలి, 2 శాతమే పెరిగాయి. అంటే వెనకబడే షేర్లనే ఎంచుకున్నాం. వెనక్కి నడిచి మల్కాజిగిరి చేరినవాడు ఇదే. పైగా లాంగ్ కాలు మోస్తున్న 48,000 మార్కెట్ భాగంలో 28,000ను షార్టే కోసేసింది, దాని పనే అది. షార్ట్ మానేస్తే మిగిలేది మామూలు షేర్ల మూట.

నేను ఇంతవరకు షార్ట్‌ను షేరు ధరతో లెక్కవేశాను. కానీ మనం అమ్మింది షేరు కాదు, ఫ్యూచర్. అది మామూలుగా షేరు ధరకన్నా కాస్త పైన ఉంటుంది. 10 లక్షల షేరు విలువకు ఫ్యూచర్ 10,05,000 దగ్గర దొరికిందనుకుందాం. గడువు దగ్గరపడేకొద్దీ రెండు ధరలూ కలిసిపోతాయి. కాబట్టి నిజంగా పోయింది 20,000 కాదు, 15,000. ఖాతాలో మొత్తం లాభం 45,000 కనిపిస్తుంది. ఈ అదనపు 5,000ను షార్ట్ ఎంపిక గొప్పతనం కింద రాసుకునేవాళ్లు చాలామంది. అది వడ్డీ. కొన్న షేర్లలో ఇరుక్కున్న 10 లక్షలు బ్యాంకులో ఏడాదికి 6 శాతానికి వేస్తే నెలకు వచ్చేదీ అంతే. దానికి ఒక వరుస విడిగా పెట్టాలి.

ఖర్చుల దగ్గర ఎస్‌టీటీ ముందు చూడాలి. షేర్లు తీసుకుని దాచుకుంటే కొన్నప్పుడు, అమ్మినప్పుడు రెండుసార్లూ 0.1 శాతం. ఫ్యూచర్స్‌లో అమ్మినప్పుడే ఉంటుంది. 2024 అక్టోబర్ 1న ఆ రేటు 0.0125 నుంచి 0.02 శాతానికి పెరిగింది. బడ్జెట్లలో ఇది మారుతుంటుంది, ఇక్కడ 0.02తోనే వేస్తున్నాను. మన లెక్కలో ఎస్‌టీటీ 2,261. స్టాంపు, బ్రోకరేజీ, ఎక్స్ఛేంజ్ ఛార్జీలు, జీఎస్‌టీ కలిపి మొత్తం 3,000 అనుకుందాం. కంటికి కనపడని ఖర్చు ఇంకోటుంది: నిర్ణయం తీసుకున్నప్పటి ధరకీ మనకు నిజంగా దొరికిన ధరకీ తేడా. నాలుగు లావాదేవీలు కలిపి దాదాపు 41 లక్షలు చేతులు మారాయి, 0.1 శాతం చొప్పున మరో 4,000. ఇక్కడ జాగ్రత్త. పై 6 శాతం, 2 శాతం నిర్ణయం నాటి ధరలతో వేసినవి కాబట్టే ఈ 4,000ను విడిగా తీస్తున్నాం. మీ లెక్క దొరికిన ధరలతోనే మొదలైతే అది కాళ్లలో ఎప్పుడో కలిసిపోయింది, మళ్లీ తీస్తే రెండుసార్లు తీసినట్టు.

చివరికి చేతికొచ్చేది 38,000. అందులో మార్కెట్‌ది 20,000, వడ్డీది 5,000. ఎంపికవల్ల వచ్చిన 20,000లోంచి ఖర్చులు 7,000 పోతే 13,000. ఖర్చు మొత్తం లాభంతో పోలిస్తే చిన్నదే, ఎంపికతో పోలిస్తే మూడోవంతు కన్నా ఎక్కువ. ఇలాంటి పద్ధతులు కాగితం మీద బాగుండి ఖాతాలో ఎండిపోయేది ఎక్కువగా ఇక్కడే అని నా అభిప్రాయం.

ఈ లెక్క మొత్తం బీటా మీద నిలబడి ఉంది, బీటా ఏమో పాత ధరల నుంచి వేసిన అంచనా. లాంగ్ బీటా నిజానికి 1.0 అయితే మార్కెట్ భాగం 12,000కు తగ్గి ఎంపిక 28,000 అవుతుంది. అందుకే నెల మొదలవకముందే బీటా రాసి పెట్టుకోవాలి. ఫలితం చూశాక మార్చుకుంటే ఎవడైనా మేధావే. సరిగ్గా ఉందో లేదో తెలుసుకునే దారి ఒకటుంది. ఎంపిక అని మిగిల్చిన మొత్తాన్ని రోజువారీగా నిఫ్టీ కదలిక పక్కన గీయండి. నిఫ్టీ పెరిగిన రోజుల్లోనే అదీ పెరుగుతుంటే మార్కెట్ ఇంకా లోపల దాగి ఉన్నట్టే. రోజువారీ లెక్కను రూపాయల్లో కూడండి, శాతాల్లో కూడితే కాళ్ల విలువలు మారుతున్నందువల్ల మొత్తం కలవదు.

విడదీసినంత మాత్రాన కారణం తెలిసిపోదు. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటపడిన రోజు సత్యం షేరు సుమారు 78 శాతం పడింది, సెన్సెక్స్ 7.25 శాతం పడింది. ముందురోజు 10 లక్షల సత్యం షార్ట్‌లో ఉన్నవాడికి దాదాపు 7.8 లక్షలు వచ్చేవి. బీటా 1 అనుకుంటే మార్కెట్ భాగం 72,500, మిగతా ఏడు లక్షల పైచిలుకు "షార్ట్ ఎంపిక" వరుసలో పడుతుంది. అతను ఆస్తి అప్పుల పట్టీ చదివి అమ్మాడా, ఇన్ఫోసిస్ కొన్నాను కదా అని జంటకోసం అమ్మాడా అన్నది ఆ వరుస చెప్పదు. అలాంటి రోజును పక్కకు తీసి, అది ఉన్న లెక్క, లేని లెక్క రెండూ పక్కపక్కన వేయాలి. తీసేశాక షార్ట్ కాలులో ఏమీ మిగలకపోతే, ఆ ఏడాదంతటి షార్ట్ లాభం ఒక్క రోజుదన్నమాట.